మౌనికకు ఏడాది ప్లాన్: జూలై 1 నుంచి జూన్ 30 దాకా

చెల్లె,

మొన్న ఆదివారం పరకాలకు వచ్చినప్పుడు నువ్వు చూపించిన గ్రూప్-2 టైంటేబుల్ ఇంటికొచ్చినంక మళ్లీ చూసిన. పొద్దున నాలుగింటి నుంచి రాత్రి పదకొండు దాకా గీతలు గీసినవ్. అండ్ల బస్సు లేదు, కాలేజీ లేదు, చిన్నమ్మ పిలిస్తే వాకిలి ఊడ్చుడు లేదు. అది వారం కూడా నడువదు. అందుకే నీకు నిజంగ దొరికే గంటలు లెక్కవెట్టి ఇది రాసిన.

పొద్దున అయిదు నుంచి ఆరున్నర, రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర. కాలేజీల లీజర్ పీరియడ్ దొరికితే లైబ్రరీల అర్ధగంట. మొత్తం మూడు గంటలు. ఆదివారం అయిదు గంటలు. హన్మకొండ బస్సుల పోయే గంటను నేను లెక్కల పట్టలేదు. సీటు దొరికితే నిన్నటి పేజీ తిప్పు, దొరక్కపోతే ఊరుకో.

గురి గ్రూప్-2. నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. ఇంటర్వ్యూ లేదు. గ్రూప్-3కి వేరే చదవాల్సిన పనిలేదు. అండ్ల మొదటి మూడు పేపర్లే ఉంటయి, సిలబస్ దాదాపు ఇదే. గ్రూప్-4 వస్తే ఒక పేపరుకు జనరల్ స్టడీస్ పనికొస్తది, ఇంకోటి సెక్రటేరియల్ ఎబిలిటీస్. దానికి లెక్కలు, రీజనింగ్ చేతిల ఉంటే చాలు.

ముందుగాల్ల డిగ్రీ సంగతి. కోపం తెచ్చుకోకు గని, నీ ప్లాన్‌ల థర్డ్ సెమ్ బిజినెస్ స్టాటిస్టిక్స్ బ్యాక్‌లాగ్ ఎక్కడా కనవడలేదు. నోటిఫికేషన్ ఇచ్చే తారీఖు నాటికి డిగ్రీ పాసై ఉండాలె. 450 మార్కుల సత్తా ఉన్నా ఒక్క సబ్జెక్టు మిగిలితే ఫారం నింపే అర్హతే ఉండది. అది ఆడ్ సెమిస్టర్ సబ్జెక్టు కాబట్టి అయిదో సెమ్‌తో పాటు ఈ చలికాలంలనే రాయాలె. ఇంకో సంగతి, సగటు, మధ్యగతం, గ్రాఫులు చదువుడంటే పేపర్-1ల డేటా ఇంటర్‌ప్రెటేషన్‌కు కూడా చదివినట్టే. భయపడే సబ్జెక్టు రెండు దిక్కుల పనికొస్తుంది, విడువకు.

జూలై, ఆగస్టు: పొద్దటి గంటన్నర పాలిటీ. ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, పార్లమెంటు, కేంద్ర-రాష్ట్ర సంబంధాలు, 73, 74 సవరణలు. ఒక్కటే పుస్తకం, తెలుగు అకాడమీది చాలు. మూడు పుస్తకాలు కొంటే మూడిట్ల మొదటి అధ్యాయమే వస్తది. రాత్రి గంట స్టాటిస్టిక్స్, శాతాలు, నిష్పత్తులు. ఆరు నుంచి పది దాకా సోషల్ పుస్తకాలు మీ తమ్మునివి అటక మీద ఉన్నయి, దించు.

సెప్టెంబరు, అక్టోబరు: చరిత్ర. శాతవాహనుల నుంచి అసఫ్‌జాహీల దాకా తెలంగాణ చరిత్ర ముందు, ఇండియా చరిత్ర దాని వెనుక. కాకతీయులను చదివే వారం కాలేజీ అయిపోయినంక వేయిస్తంభాల గుడికి నడు. 1163 శాసనం రుద్రదేవునిది. దాన్ని చూసి వచ్చినోళ్లు ఆ సంవత్సరం మరిచిపోరు. రామప్ప 1213, యునెస్కో గుర్తింపు 2021, మోటుపల్లి శాసనం గణపతిదేవునిది. బతుకమ్మ తొమ్మిది రోజులు పొద్దటి గంటన్నర మాత్రమే ఉంచిన. రాత్రి ఆడుకో, పుస్తకం పట్టుకొని మూల కూసుంటే అమ్మ కూడా ఊకోదు.

నవంబరు, డిసెంబరు: అయిదో సెమ్, బ్యాక్‌లాగ్. పరీక్షలకు మూడు వారాల ముందే గ్రూప్-2 బంద్. రాత్రి అర్ధగంట పేపరు చదివి కరెంట్ అఫైర్స్ నాలుగు లైన్లు రాసుడు ఒక్కటే. గప్పుడే పత్తి ఏరుడు కూడా వస్తది. బాపుకు నేనే ఫోన్ చేసి చెప్త, ఆదివారాలు రెండు పొలానికి, రెండు నీకు అని. నాలుగూ నీకే కావాలంటే ఇంట్ల పంచాయితీ అయితది.

జనవరి, ఫిబ్రవరి: పేపర్-4, తెలంగాణ ఉద్యమం. ఇండ్ల మూడు భాగాలు: 1948-70, 1971-90, 1991-2014. ఇక్కడ అందరు తారీఖుల పట్టిక బట్టీ కొడ్తరు. నువ్వు ఒకదాని వెనుక ఒకటి ఎందుకు వచ్చిందో రాయి. ఒకటి నేను రాసి చూపిస్త:

1956 పెద్దమనుషుల ఒప్పందం, రక్షణల మాట. అది అమలు కాలేదు, 1969 ఉద్యమం. తర్వాత 1973 ఆరు సూత్రాల పథకం, దానికి చట్టబలం ఇయ్యనీకి 32వ సవరణ, 371-డి, దాని కింద 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. ఉత్తర్వులను దాటి నాన్‌లోకల్స్‌ను తీసుకున్నరు, జయభారత్ రెడ్డి కమిటీ 58,962 మందిని లెక్క తేల్చింది. దాని మీద 1985 డిసెంబరు 30న 610 జీవో, 1986 మార్చి 31 లోపు వెనక్కి పంపాలని. అదీ నడువలేదు, 2001ల గిర్‌గ్లానీ కమిషన్.

ఇట్ల ఒక్క పేజీ గొలుసు రాసినవంటే పది ప్రశ్నలకు జవాబు అండ్లనే ఉంటది. మా ఆఫీసుల ఇప్పటికీ లోకల్, నాన్‌లోకల్ ఫైలు తెరిస్తే ఈ గొలుసే కనవడ్తది, అందుకే నాకు ఇష్టం.

మార్చి, ఏప్రిల్: పేపర్-3 ఎకానమీ. బడ్జెట్‌తో పాటు వచ్చే తెలంగాణ సోషియో ఎకనమిక్ అవుట్‌లుక్‌ను కొత్తది దించుకో, పాత అంకెలు ముందే బట్టీ కొట్టకు. బీకాం కాబట్టి జీఎస్‌టీ, బ్యాంకింగ్ నీకు తేలిక, వాటి మీద వారం కంటే ఎక్కువ పెట్టకు. వ్యవసాయం, భూసంస్కరణలు, పేదరికం మీద ఆ టైం పెట్టు. సామాజిక నిర్మాణం, పథకాలు ఆదివారాలల్ల.

మే: ఆరో సెమ్. గ్రూప్-2 మళ్లీ బంద్.

జూన్: చదువుడు ఆపి రాసుడు. ప్రతి శని, ఆదివారాలు అసలు పరీక్ష లెక్కనే, పొద్దున పదింటికి ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఒకటి, ఒక్కోటి రెండున్నర గంటలు. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. జిరాక్స్ ఓఎంఆర్ షీట్ల మీదనే, నల్ల పెన్నుతోనే. ఇది ఎందుకు నొక్కి చెప్తున్ననంటే, నా మొదటి పరీక్షల 87వ ప్రశ్న వదిలేసి 88 జవాబును 87ల దిద్దిన. 131 కాడికి వచ్చినంక చూసుకున్న. పెన్ను మరక చెరిగేది కాదు కదా. ఆ రోజు మధ్యాహ్నం పేపరు కూడా దాని రందిలనే పోయింది. ఇప్పుడు ప్రతి పది ప్రశ్నలకు వేలు పెట్టి నంబరు చూసుకునే అలవాటు చేసుకో. మిగతా వారం రోజులు తప్పుల నోట్‌బుక్ తిరగేయుడే.

కోచింగ్ అంటే నయీంనగర్ హాస్టల్, ఫీజు కలిపి బాపు అప్పు చేయాలె. ఇప్పుడు వద్దు. టెస్ట్ సిరీస్ ఒక్కటి ఫిబ్రవరిల కొందాం, పైసలు నేనిస్త.

కాగితాలు దసరా లోపే: ఒకటి నుంచి ఏడు దాకా బోనఫైడ్‌లు తీసి పెట్టు. ఏడేండ్లల్ల నాలుగేండ్లు ఎక్కడ చదివినవో దాన్ని బట్టే లోకల్. నువ్వు రెండు బడులు మారినవ్, రెండు దిక్కులా తిరగాలె. కులం సర్టిఫికెట్ మీసేవల అప్లై చెయ్యి, టీజీపీఎస్సీ ఓటీఆర్‌ల పదో తరగతి మెమో మీద ఉన్నట్టే పేరు కొట్టు, 'మౌనిక' ముందర ఇంటిపేరు అటూ ఇటూ కాకుండా.

వచ్చే ఆదివారం పాలిటీ మొదటి రెండు అధ్యాయాలు చదివి ఉండు, ఇరవై ప్రశ్నలు నేను రాసుకొని వస్త. స్టాటిస్టిక్స్ పుస్తకం కూడా టేబుల్ మీద పెట్టు.

అన్న