అలంకారం గుర్తించండి: పదో తరగతి పునశ్చరణ పత్రం

మార్కులు 5, సమయం 15 నిమిషాలు. పద్యాలన్నీ ఈ పత్రం కోసం రాసిన ఆటవెలదులే. ఒక్కో పద్యాన్ని రెండుసార్లు పైకి చదివి, భావం తెలిశాకే జవాబు పెట్టండి. ‘వలె’, ‘కదా’ లాంటి మాటల కోసం మాత్రమే వెతికితే సరిపోదు.

పాలవంటి వెలుగు పల్లెపై పరచెను
పున్నమ నెలరేడు పొద్దువోవ
అరుగు మీద నవ్వ యల్లిన కథలకు
కనుల నిద్ర మరచి కదల రెవరు

1. మొదటి పాదంలోని అలంకారం:
అ) రూపకం ఆ) ఉపమ ఇ) ఉత్ప్రేక్ష ఈ) అతిశయోక్తి

2. అందులో పైకి చెప్పకుండా వదిలేసినది:
అ) ఉపమేయం ఆ) ఉపమానం ఇ) సమానధర్మం ఈ) ఉపమావాచకం

చదువు దివ్వె పట్టి చనుచున్న బాలకు
దారి నడ్డు నిలుచు తమము లేదు
బతుకు సంద్రమందు పడవయై పొత్తమ్ము
దరికి జేర్చు నామె తరము నెల్ల

3. ‘బతుకు సంద్రము’లోని అలంకారం:
అ) ఉపమ ఆ) శ్లేష ఇ) రూపకం ఈ) స్వభావోక్తి

కొండచుట్టు చేరి కొత్త మబ్బుల గుంపు
మదపుటేన్గు లనగ మసలుచుండ
తొండమెత్తి చల్లు తుంపరలో యన
చినుకు రాలె నేడు చేలమీద

4. ఈ పద్యంలో:
అ) ఉత్ప్రేక్ష ఆ) ఉపమ ఇ) దృష్టాంతం ఈ) శ్లేష

ఎండ తాను మోసి యెల్లర కిడె నీడ
బాట పక్క నున్న పాత మఱ్ఱి
పరుల మేలు గోరి బతుకు పెద్దలు తమ
బాధ లెంచరెపుడు భారమనుచు

5. ఈ పద్యంలో:
అ) దృష్టాంతం ఆ) రూపకం ఇ) అతిశయోక్తి ఈ) అర్థాంతరన్యాసం

జవాబులు, వివరణ

1-ఆ, 2-ఇ. వెలుగు ఉపమేయం, పాలు ఉపమానం, ‘వంటి’ ఉపమావాచకం. తెల్లదనం అనే సమానధర్మాన్ని మనమే ఊహించుకోవాలి కాబట్టి ఇది లుప్తోపమ. ‘పాలవంటి తెల్లని వెలుగు’ అని ఉంటే నాలుగూ కుదిరి పూర్ణోపమ అయ్యేది.

3-ఇ. బతుకు సముద్రంలాంటిది అనలేదు, బతుకే సముద్రమన్నారు. ఉపమేయ ఉపమానాలకు అభేదం చెప్పారు.

4-అ. మబ్బుల్ని ఏనుగులుగా, చినుకుల్ని అవి చల్లే తుంపరలుగా ఊహించారు. ‘అనగ’, ‘ఓ యన’ అనేవి ఊహను తెలిపే మాటలు. మూడో పాదాన్ని ‘తుంపరలవలె’ అని మారిస్తే అక్కడ ఉపమ అవుతుంది.

5-ఈ. చాలామంది దృష్టాంతం అని పెట్టేది ఇక్కడే. కాస్త ఆగి చూడండి. మఱ్ఱిచెట్టు నీడనివ్వడం ఒక్క చెట్టు సంగతి, అంటే విశేషం. పెద్దలు తమ బాధలు లెక్కచేయరన్నది అందరికీ వర్తించే మాట, అంటే సామాన్యం. విశేషాన్ని సామాన్యంతో సమర్థించారు కనుక అర్థాంతరన్యాసం. సామాన్యాన్ని విశేషంతో సమర్థించినా ఇదే అలంకారం. దృష్టాంతంలో ఈ సమర్థన ఉండదు, రెండు వాక్యాలు బింబప్రతిబింబాలుగా నిలుస్తాయి. పద్యంలో ‘కదా’ లేదని ఈ జవాబును కొట్టేయకండి. ఆ మాట ఉన్నా లేకపోయినా సమర్థన ఉంటే చాలు.