రాత్రి 11:42 కి వచ్చిన "హాయ్" కి మా జవాబు

బుధవారం రాత్రి 11:42
కస్టమర్: హాయ్
కస్టమర్: ఉన్నారా అండీ
కస్టమర్: 👋

11:42 (ఇది దానంతటదే వెళ్ళే మెసేజ్)
నమస్తే అండీ 🙏 మా పచ్చళ్ళ నంబర్ కి మెసేజ్ చేసినందుకు థాంక్స్. రాత్రి 8:30 కి మేం ఫోన్ పక్కన పెట్టేస్తాం. మీ మెసేజ్ మాకు చేరింది, పొద్దున 9:30 నుంచి వరసగా చూస్తాం, 11 లోపు మీకు జవాబు వస్తుంది. ఈలోపు ఏం కావాలో, ఎంత కావాలో, ఎప్పటికి కావాలో, మీరు ఏ ఏరియాలో ఉంటారో రాసి పెట్టేయండి, పొద్దున్నే చూసి ఒకేసారి అన్నీ చెప్పేస్తాం. రేపటికే అర్జెంట్ అయితే పొద్దున 7 దాటాక ఇదే నంబర్ కి కాల్ చేయండి.

11:51
నమస్తే అండీ, పైన వచ్చింది మెషీన్ పంపింది, ఇది మాత్రం నేనే టైప్ చేస్తున్నాను. మామూలుగా ఈ టైమ్ కి పడుకుని ఉంటాం, ఇవాళ మున్నేకొళాలలో కరెంట్ పోయింది, ఉక్కకి లేచి ఫోన్ టార్చ్ వేస్తే మీ హాయ్ కనపడింది. మీ డీపీలో వెంకన్న బాబు ఉన్నారు, కాబట్టి సార్ అనాలో మేడం అనాలో తెలీక అండీ అంటున్నా, ఏమీ అనుకోకండి.

ఉన్నాం అండీ. కానీ ఈ టైమ్ లో రేటూ స్టాకూ చెప్పను, దానికి ఒక కారణం ఉంది. పోయిన ఏడాది ఇలాగే అర్ధరాత్రి ఒకావిడ గోంగూర రెండు కిలోలు అన్నారు, నేను నిద్ర కళ్ళతో సరే అండీ అనేశా, పొద్దున చూస్తే గోంగూర ముప్పావు కిలో ఉంది, ఆవిడేమో ఆ రాత్రే డబ్బులు వేసేసి వాళ్ళ అక్కకి కూడా వస్తుందని చెప్పేశారు. ఇంక మా అత్తగారు కేఆర్ మార్కెట్ కి పరిగెత్తి గోంగూర తెచ్చి, కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, మొత్తానికి మూడు రోజులు ఆలస్యంగా ఇచ్చాం. తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి ఇంట్లో రూల్ ఏంటంటే జాడీ మూత తీసి కళ్ళతో చూడకుండా ఎవరికీ "ఉంది" అని చెప్పకూడదు, రాత్రిపూట జాడీ మూత తీస్తే అత్తగారు ఊరుకోరు 😄

అందుకని మా టైమింగ్స్ ఒకసారి చెప్పేస్తా, రేపు మీరు వెయిట్ చేస్తూ కూర్చోకుండా ఉంటారు.

పొద్దున 9:30 నుంచి 1 వరకూ నేను ఫోన్ దగ్గరే ఉంటా, ఆ టైమ్ లో మెసేజ్ పెడితే గంటలోపు జవాబు వస్తుంది. 1 నుంచి 4 వరకూ ప్యాకింగ్, అప్పుడు చేతులంతా కారం నూనె, ఫోన్ ముట్టుకుంటే ఫోనూ పోతుంది కళ్ళూ పోతాయి, కాబట్టి అప్పుడు వచ్చినవన్నీ 4 తర్వాతే. మళ్ళీ 4 నుంచి 8:30. రాత్రి 8:30 దాటాక వచ్చినవి మర్నాడు పొద్దునే, అదే 11 లోపు. ఆదివారం ఒంటిగంట వరకే చూస్తాం, ఆ తర్వాత వచ్చినవి సోమవారానికి వెళ్ళిపోతాయి.

ఇంకోటి, నీలం టిక్కులు పడి కూడా జవాబు రాలేదంటే మేం చూసి వదిలేశామని కాదు, మా చిన్నోడి చేతిలో ఫోన్ ఉందని అర్థం. 11 దాటినా రాకపోతే మొహమాటపడకుండా ఒక చుక్క పెట్టినా సరే, మీ చాట్ పైకి వచ్చేస్తుంది. దయచేసి వాయిస్ నోట్ మాత్రం వద్దండీ, మిక్సీ పక్కన కూర్చుని వింటే అరకిలో అన్నారో ఆరు కిలోలు అన్నారో తెలీదు.

డబ్బులు కూడా ఇప్పుడే ఫోన్ పే చేసేయకండి. పొద్దున నేను బరువు, మొత్తం రాసి పంపాక, అది మీరు చూసుకుని సరే అన్నాకే.

11:58
కస్టమర్: అయ్యో సారీ అండీ ఈ టైమ్ లో డిస్టర్బ్ చేశా. ఆఫీస్ కాల్ ఇప్పుడే అయిపోయింది, మర్చిపోతానేమోనని హాయ్ పెట్టేశా. మా చెల్లి ఆదివారం రాత్రి ఫ్లైట్ కి అమెరికా వెళ్తోంది, దానికి పచ్చళ్ళు కావాలి. ఆవకాయ 2 కేజీలు, గోంగూర 1, చికెన్ పచ్చడి 1, కంది పొడి అరకేజీ. మేము హెచ్ఎస్ఆర్ లేఅవుట్. శనివారం లోపు అవుతుందా?

గురువారం రాత్రి 12:03
సారీ ఎందుకండీ, ఈ బెంగళూరులో ఆఫీసులు అమెరికా టైమ్ కి నడుస్తుంటే మనుషులు హాయ్ చెప్పే టైమ్ కూడా ఇదే అవుతుంది. మీరు ఏ టైమ్ కి పెట్టినా ఇబ్బంది లేదు, మా ఫోన్ రాత్రి సైలెంట్ లోనే ఉంటుంది. మీకు గుర్తొచ్చినప్పుడు మీరు పెట్టండి, మా టైమ్ కి మేం చూస్తాం.

ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పొచ్చు, ఎందుకంటే దానికి జాడీ మూత తీయక్కర్లేదు. చికెన్ పచ్చడి అమెరికాకి వద్దండీ. ఇక్కడి నుంచి మాంసం తీసుకెళ్ళనివ్వరు, దిగాక అక్కడ పట్టుకుంటే పారేస్తారు, పైగా చెప్పకుండా తీసుకెళ్తే ఫైన్ కూడా వేయొచ్చు. మిగతావి కూడా ఫుడ్ ఉందని అక్కడ తప్పకుండా చెప్పమనండి మీ చెల్లిని. చేతి బ్యాగులో పెట్టుకోవద్దని కూడా చెప్పండి, 100 మిల్లీలీటర్లు దాటితే పచ్చడి నూనె కూడా వాళ్ళకి లిక్విడ్ కిందే లెక్క, దేవనహళ్ళి ఎయిర్‌పోర్ట్ లో డబ్బా అక్కడే పెట్టేసి వెళ్ళమంటారు, చెకిన్ లోనే వేయాలి.

మిగతాది పొద్దున 11 లోపు. శనివారం లోపు అవ్వడానికే చూస్తాం, కానీ "అవుతుంది" అనే మాట పొద్దునే చెప్తా. పడుకోండి ఇంక, గుడ్ నైట్.

గురువారం పొద్దున 9:47
గుడ్ మార్నింగ్ అండీ. జాడీలు చూశాను 😊

ఆవకాయ ఉంది. ఈ మే లో పెట్టిందే, కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయ, నువ్వుల నూనె. మూడో రోజు తిరగకలిపి ఉప్పు సరిచూసి పెట్టింది, ముక్క ఇంకా గట్టిగానే ఉంది, కారం కొంచెం ఎక్కువే, మీ చెల్లికి కారం పడదంటే ఇప్పుడే చెప్పండి, బెల్లం ఆవకాయ కూడా ఒకటిన్నర కిలో ఉంది.

గోంగూర కిలో ఉంది, కరెక్ట్ గా కిలోనే, కాబట్టి ఇవాళ సాయంత్రం 5 వరకూ మీ పేరు మీద పక్కన పెడతా. 5 దాటితే వేరేవాళ్ళు అడిగితే ఇచ్చేస్తానండీ, ఇందులో నన్ను తిట్టుకోకూడదు.

కంది పొడి స్టాక్ లేదు, కానీ పర్లేదు, ఎలాగూ ఆర్డర్ కే వేయిస్తాం, మధ్యాహ్నం వేయించి చల్లారాక రేపు పొద్దున కొట్టిస్తా.

లెక్క: ఆవకాయ 2 కిలోలు 1200, గోంగూర కిలో 650, కంది పొడి అరకిలో 250, మొత్తం 2100. విమానం ప్యాకింగ్ 100. అంటే 2200. బండి మీద పంపే చార్జ్ వేరే, అది యాప్ లో ఎంత చూపిస్తే అంత, మీరే బుక్ చేసుకున్నా సరే, లేకపోతే నేను బుక్ చేసి స్క్రీన్ షాట్ పంపుతా.

విమానం ప్యాకింగ్ అంటే ఏమీ లేదు, అరకిలో చొప్పున కవర్లలో పోసి రెండుసార్లు సీల్ చేసి, దాన్ని ఇంకో కవర్ లో వేసి మళ్ళీ సీల్ చేస్తాం. తర్వాత రాత్రంతా న్యూస్ పేపర్ మీద తలకిందులుగా నిలబెడతాం. పొద్దున పేపర్ మీద నూనె మరక ఒక్కటి కనపడినా ఆ కవర్ విప్పి మళ్ళీ మొదటి నుంచి. ఈ రాత్రి మిస్ అయితే మీ చెల్లి సూట్ కేసులో చీరలన్నీ ఆవకాయ రంగులోకి వస్తాయి, అందుకే "ఇవాళే ఇచ్చేయండి" అంటే నేను ఒప్పుకోను. రేపు శుక్రవారం సాయంత్రం ప్యాక్ చేస్తే శనివారం పొద్దున చూసుకుని 10:30 కి బండి ఎక్కిస్తా. సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, 12 లోపు చేరిందనుకోండి.

సరే అంటే 5 లోపు ఓకే అని పెట్టండి చాలు.

1:20
కస్టమర్: ఓకే అండీ చాలా థాంక్స్. చికెన్ తీసేద్దాం. బెల్లం ఆవకాయ వద్దు, అది కారమే తింటుంది. 2200 పంపేశా చూడండి. బండి మీరే బుక్ చేయండి.

4:12
వచ్చాయండీ 2200. ఆలస్యమైంది, 1 నుంచి 4 అని చెప్పా కదా, ఇప్పుడే చేతులు కడుక్కున్నా. ఆర్డర్ రాసుకున్నాను. ఇంక శనివారం పొద్దున వరకూ నా నుంచి మెసేజ్ రాకపోయినా కంగారు పడకండి, పని జరుగుతున్నట్టే.

శుక్రవారం రాత్రి 11:20
కస్టమర్: అండీ రేపు బండి కన్ఫర్మే కదా? పొద్దునే చెప్పండి పర్లేదు, గుర్తొచ్చి పెట్టా

11:20 (దానంతటదే వెళ్ళే మెసేజ్)
నమస్తే అండీ 🙏 మా పచ్చళ్ళ నంబర్ కి మెసేజ్ చేసినందుకు థాంక్స్. రాత్రి 8:30 కి మేం ఫోన్ పక్కన పెట్టేస్తాం. మీ మెసేజ్ మాకు చేరింది, పొద్దున 9:30 నుంచి వరసగా చూస్తాం, 11 లోపు మీకు జవాబు వస్తుంది.

శనివారం పొద్దున 9:33
గుడ్ మార్నింగ్ అండీ. కన్ఫర్మే. ఏడు కవర్లలో ఆరింటికి ఒక్క చుక్క కారలేదు, గోంగూర ఒకటి మూల దగ్గర కొంచెం తడిగా కనపడింది, మా అత్తగారు ఇప్పుడే విప్పి కొత్త కవర్ లో సీల్ చేస్తున్నారు, దాన్ని ఒక గంట బోర్లించి చూడందే పంపనన్నారు. కాబట్టి 10:30 అన్నది 11:15 అవుతుంది. బండి బుక్ చేయగానే డ్రైవర్ నంబర్ పంపుతా, ఆ గంట మాత్రం ఫోన్ చేతిలోనే పెట్టుకుని ఉంటా.