నీ మట్టి నగల ఖాతాకు పేర్లు

అనంతపురం

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

ప్రొద్దుటూరులో నీవు చేస్తున్న మట్టి నగలకు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేరు కావాలని అడిగావు. ఆ పేరును జనం ఆంగ్ల అక్షరాలలో కొట్టి వెతుకుతారు కనుక, అర్థం ఎంత గొప్పదైనా ఫోనులో ఒక్కసారి చెబితే తప్పు లేకుండా రాసుకోగలిగినదే మనకు పనికివస్తుంది.

మీ ఊరి పక్కనున్న పెన్నకు పినాకిని అని మరో పేరుంది; పినాకమంటే శివుని విల్లు. pinakini చూడముచ్చటగానే ఉంటుంది గానీ, అందులో దీర్ఘం కనబడదు కాబట్టి తెలియనివారు 'పినకిని' అంటారు. పెన్నలో కలిసే పాపఘ్ని, పాపాలను పోగొట్టేదన్న అర్థంలో ఎంత బాగున్నా, papaghni అని చూసినవారు పాపనూ అగ్నినీ కలిపి చదువుతారు. చిత్రావతికి చివర t రాయాలా th రాయాలా అన్న తగవు తీరదు. ఇవన్నీ దాటుకొని నా మనసు penneru దగ్గర ఆగింది. పెన్నేరు అనడంలో 'పెను ఏరు' అన్న ధ్వని కూడా వినిపిస్తుంది; జంట నకారం మీద నాలుక కాసేపు నిలిచి, 'ఏరు' దగ్గర సాగిపోతుంది. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనబడే ఏటికి ఇంత నిండైన పేరుండడం నాకు ఎప్పుడూ వింతే.

నక్షత్రాలలో స్వాతి, చిత్ర, అనూరాధ ఇప్పటికే ఎందరో ఆడపిల్లల పేర్లు కనుక వాటిని వదిలేశాను. రోహిణి మాత్రం నీ పనికి అతికినట్లుంటుంది. ఆ మాటకు ఎర్రనిదని అర్థం, ఆకాశంలో ఆ చుక్క రంగూ ఎరుపు కలిసిన నారింజే. ఇక రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు అనే ఎండ సంగతి, చేసిన పూసలను నీడన ఆరబెట్టుకునే నీకు నేను చెప్పాలా? ఒంటరిగా rohini దొరకడం కష్టం కాబట్టి rohinimannu అని కలిపి చూడు. మధ్యలో చుక్కలూ అడుగుగీతలూ పెట్టవద్దు, నోటితో చెప్పేటప్పుడు అవే తప్పిపోతాయి.

ఋతువులలో శిశిరం, హేమంతం మన ఎండలకు ఎరువు సొమ్ములాగా ఉంటాయి. తొలకరి మాత్రం మనది; తొలి చినుకుకు లేచే మట్టివాసన ఆ మాటలోనే ఉంది. అయితే tolakari, tholakari అని రెండు విధాలా రాస్తారు గనుక, రెండూ ఖాళీగా ఉంటేనే తీసుకొని, ఒకటి వాడుకొని రెండవది ఊరికే ఉంచుకో.

నా వరస penneru, rohinimannu, tolakari. ముందు మీ అమ్మకు ఫోనులో ఈ మూడూ చెప్పి, కాగితం మీద రాయమను. ఆమె ఏది తడుముకోకుండా రాస్తే ఆ పేరు పెట్టుకొని నాకు కబురు చేయి.

ఇట్లు,
పెద్దమ్మ