రద్దయిన హైదరాబాద్–దుబాయ్ ప్రయాణానికి మరో సీటు లేదా టికెట్ సొమ్ము వాపసు కోరుతూ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

ఈ నెల 12న శంషాబాద్ నుంచి దుబాయ్ వెళ్లాల్సిన మీ విమానం రద్దయిందని, బోర్డింగ్ పాస్ పట్టుకుని గేటు దగ్గర రెండు గంటలు కూర్చున్నాకే మీ సిబ్బంది నాకు చెప్పారు. నేను అక్కడ ఎలక్ట్రీషియన్‌గా 16న ఉద్యోగంలో చేరాలి. ఎంట్రీ పర్మిట్ గడువు 20తో ముగుస్తుంది.

డీజీసీఏ నిబంధనల ప్రకారం ఇలాంటప్పుడు ప్రత్యామ్నాయ విమానమో, సొమ్ము వాపసో ఇవ్వాలి కనుక, అదనపు చార్జీ లేకుండా, నా 30 కిలోల సామానుతో సహా, 15వ తేదీలోపు సీటు కేటాయించగలరు. అది కుదరకపోతే రూ.18,450 వోచరుగా కాకుండా నా బ్యాంకు ఖాతాకే జమచేయండి. అది మా అమ్మ పుస్తెలతాడు కుదువపెట్టి తెచ్చిన డబ్బు.

రేపు సాయంత్రంలోగా జవాబివ్వగలరు. టికెట్, ఎంట్రీ పర్మిట్ నకళ్లు జతచేశాను.

ఇట్లు,
గంగాధర్,
జగిత్యాల జిల్లా