డెలిగేషన్ క్విజ్: రొయ్యల చెరువు ప్రశ్నలు, జవాబులతో

బీకాం పిల్లలందరికీ. జవాబు ముందే చూసెయ్యకండి, ఒక నిమిషం ఆలోచించి చూడండి.

ప్రశ్న 1. భీమవరం దగ్గర రొయ్యల చెరువు. ఓనర్ రాజుగారు పెళ్లికని రాజమండ్రి వెళ్తూ సూపర్‌వైజర్‌తో "ఏరియేటర్లు ఆక్కూడదు, జనరేటర్ నీ చేతుల్లోనే ఉంది, డీజిల్‌కి ఎంతైనా పెట్టు, నన్ను అడగక్కర్లా" అన్నారు. సూపర్‌వైజరేమో రాత్రి కాపలా కుర్రాడికి అప్పజెప్పి ఇంటికెళ్లి పడుకున్నాడు. తెల్లారుజామున కరెంట్ పోయింది, కుర్రాడు నిద్రలో ఉన్నాడు, జనరేటర్ ఎవరూ వెయ్యలా, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్యలన్నీ గట్టువార చచ్చి పడున్నాయి. రాజుగారికి జవాబు చెప్పాల్సింది ఎవరు?
ఎ) కుర్రాడు
బి) సూపర్‌వైజర్
సి) కరెంటోళ్లు
డి) ఎవరూ కాదు

జవాబు: బి. కుర్రాడు సూపర్‌వైజర్‌కి జవాబు చెప్పాలి, అది నిజమే, కానీ పని కిందోడికి ఇచ్చేసినంత మాత్రాన సూపర్‌వైజర్ అకౌంటబిలిటీ కూడా వాడి నెత్తికి పోదు. ఎందుకంటే రాజుగారు మాట తీసుకుంది సూపర్‌వైజర్ దగ్గర, కుర్రాడితో ఆయనకి ఏ మాటా లేదు. అలాగే ఆ చెరువులో వాటా పెట్టిన బావమరిది అడిగితే "సూపర్‌వైజర్‌కి చెప్పానండీ" అని రాజుగారూ తప్పించుకోలేరు.

ప్రశ్న 2. అదే చెరువు, అదే రాత్రి, కానీ ఈసారి డీజిల్‌కి ఎంతైనా పెట్టమని రాజుగారు చెప్పలేదు, సూపర్‌వైజర్ మెలకువగానే ఉన్నాడు. డీజిల్ అయిపోయింది, డబ్బుల పెట్టె తాళం రాజుగారి దగ్గరుంది, ఫోన్ చేస్తే ఎత్తలా. ఇక్కడ లోపం ఏంటి?

జవాబు: రెస్పాన్సిబిలిటీ ఇచ్చి దానికి సరిపడా అథారిటీ ఇవ్వకపోవడం. 1916లో హెన్రీ ఫేయోల్ చెప్పిన 14 సూత్రాల్లో ఈ రెండూ సమానంగా ఉండాలన్నది ఒకటి. ఈ కేసులో సూపర్‌వైజర్‌ని తిట్టడం అన్యాయం అని నా గట్టి అభిప్రాయం, చేతులు కట్టేసి ఈదమన్నట్టే అది. పరీక్షలో ఇది తప్పకుండా రాయండి.

ప్రశ్న 3. అథారిటీ ఎటు పోతుంది, అకౌంటబిలిటీ ఎటు పోతుంది?

జవాబు: మొదటిది పైనుంచి కిందకి, రెండోది కిందనుంచి పైకి.

ప్రశ్న 4. 1956 నవంబర్‌లో అరియలూర్ రైలు ప్రమాదం తర్వాత రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేశారు. ఆ రైలు ఆయన నడపలేదు, పట్టాలూ ఆయన చూడలేదు. మరి ఎందుకు చేశారు?

జవాబు: పనులు ఎంతమంది చేతుల్లో ఉన్నా పార్లమెంటుకి ఆ శాఖ తరఫున జవాబు చెప్పాల్సింది మంత్రే. అందుకని నైతిక బాధ్యత తనదే అని తప్పుకున్నారు.

ప్రశ్న 5. తప్పా ఒప్పా: "కాగితం మీద రాసిచ్చేస్తే అకౌంటబిలిటీ కూడా బదిలీ అయిపోతుంది."

జవాబు: తప్పు. కాగితం వల్ల ఎవరికి ఏ పని, ఎంత అధికారం ఇచ్చారో తెలుస్తుంది, అంతవరకే.