మీ హిస్టోగ్రామ్‌లో కుడి చివర నిలబడ్డ ఆ 12 రిక్వెస్టులు

మీరు పంపిన హిస్టోగ్రామ్ స్క్రీన్‌షాట్ చూశాను. 1000 రిక్వెస్టుల రెస్పాన్స్ టైమ్, 0 నుంచి 3000 మిల్లీసెకన్ల దాకా, ఒక్కో బిన్ 100. బార్ల మీద అంకెలు వేసి మంచి పని చేశారు, లెక్క వేయడం తేలికైంది.

ఒకటే శిఖరం, అది 100–200 మధ్య (310). దాని ఎడమన 60 ఉన్న చిన్న బార్, అంతే. కుడివైపు మాత్రం 255, 150, 85, 50 అంటూ తగ్గుతూ తగ్గుతూ 1200 దాకా సాగింది, అంటే గట్టి రైట్ స్క్యూ. టైమ్ సున్నా కంటే తగ్గదు, పెరగడానికి మాత్రం హద్దు లేదు కాబట్టి ఇలాంటి డేటా మామూలుగా ఇలాగే ఉంటుంది, ఇందులో టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

అసలు చూడాల్సింది 1200 తర్వాత. అక్కడి నుంచి 2900 వరకు పూర్తిగా ఖాళీ, ఆ తర్వాత 2900–3000 బిన్‌లో ఒక్కసారిగా 12. తోక సహజంగా పలచబడితే ఇలా రాదు. నా అంచనా, 3 సెకన్ల టైమౌట్ పెట్టి ఉంటారు, ఆ రిక్వెస్టులు అక్కడ ఆగిపోయాయి. అదే నిజమైతే వాటి అసలు టైమ్ ఎంతో మనకు తెలియదు, కనీసం 3000 అని మాత్రమే తెలుసు. లేదంటే గ్రాఫ్ గీసేటప్పుడు 3000 దాటినవన్నీ చివరి బిన్‌లోకి నెట్టి ఉండొచ్చు, అది కూడా చూడండి.

బిన్లను బట్టి నా లెక్క: మీడియన్ 250 దగ్గర, క్వార్టైల్స్ సుమారు 160, 385, సగటు 328, స్టాండర్డ్ డీవియేషన్ 345 చుట్టూ. సగటు కంటే డీవియేషనే ఎక్కువ, కాబట్టి రిపోర్టులో "328 ± 345" అని రాయకండి, సున్నా కంటే తక్కువ టైమ్ కూడా ఉందన్నట్టు అవుతుంది. ఆ 12 తీసేసి చూస్తే సగటు 296కి, డీవియేషన్ 190 దగ్గరికి పడిపోతాయి, మీడియన్ మాత్రం దాదాపు కదలదు. p95 750 దగ్గర ఉంటుంది కానీ p99 ఏకంగా 2900 దాటుతుంది, ఎందుకంటే 12 అంటే 1.2 శాతం. అవే 9 ఉండి ఉంటే p99 1200 లోపే ఆగేది!

1.5 రెట్ల IQR రూల్ పెడితే 720 దాటినవన్నీ, అంటే యాభై పైచిలుకు, అవుట్‌లయర్లుగా వస్తాయి. నమ్మొద్దు. వాటిలో ఆ 12 తప్ప మిగతావి స్క్యూ ఉన్న తోకలో మామూలు విలువలే, తీసేయకండి.

ముందు ఇది రన్ చేసి ఫలితం పంపండి:

```
df["response_ms"].describe(percentiles=[.25, .5, .75, .95, .99])
df[df["response_ms"] >= 2900]
```

రెండో లైన్‌లో 12 వరుసలూ సరిగ్గా 3000 అని వస్తే టైమౌటే. ఇంకో గ్రాఫ్ ఒక్కో బిన్ వెడల్పు 25 మిల్లీసెకన్లు పెట్టి గీయండి, 100–300 మధ్య రెండు శిఖరాలు కలిసిపోయి ఉన్నాయేమో ఈ వెడల్పులో తెలియడం లేదు.