కడప నుంచి ఐసీయూ నర్సు: మీ హాస్పిటల్లో ఖాళీలు, ఎన్ఎంసీ రిజిస్ట్రేషన్ గురించి

నమస్తే అక్కా,

నా పేరు సుజాత. మీరు చదివిన కాలేజీలోనే 2018లో బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేశాను. మీ మెయిల్ ఐడీ మా బ్యాచ్ హసీనా ఇచ్చింది. మిమ్మల్ని అడిగాకే ఇస్తున్నానని చెప్పింది కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. మీరు ఇంగ్లండ్‌లో వార్డు సిస్టర్‌గా చేస్తూ, కొత్తగా వచ్చే మనవాళ్లకు ఓస్కీ ప్రాక్టికల్ పరీక్షకు ప్రాక్టీసు కూడా చేయిస్తారంట కదా. చిన్న మెసేజ్ పెట్టి వదిలేద్దామనుకున్నాను గానీ, సగం సగం అడిగితే మీరు మళ్లీ మళ్లీ ఎదురు ప్రశ్నలు వేయాల్సి వస్తుంది. అందుకే ఉన్నదంతా ఒకేసారి రాసేస్తున్నాను.

ముందు అసలు సంగతి. మీ హాస్పిటల్ ట్రస్టులో ఇప్పుడు మన దేశం నుంచి బ్యాండ్ 5 నర్సులను తీసుకుంటున్నారా? ఐసీయూలో గానీ, హెచ్‌డీయూలో గానీ, లేదంటే మామూలు మెడికల్ వార్డులో అయినా సరే. కొన్నేళ్ల కింద బ్యాచులు బ్యాచులుగా తీసుకున్న ట్రస్టులే ఇప్పుడు బయటి దేశాల రిక్రూట్‌మెంట్ బాగా తగ్గించేశాయని, అక్కడే చదివి బయటికొచ్చిన పిల్లలకు కూడా పోస్టులు దొరకడం కష్టంగా ఉందని వింటున్నాను. ఓఈటీ ఇంగ్లిష్ పరీక్ష ఫీజు కట్టబోతున్నాను. కట్టాక తెలుసుకోవడం కంటే ముందే మీ నోట వినడం మేలనిపించింది. "ఇప్పుడు లేదమ్మా, ఏడాది ఆగు" అన్నా నేనేమీ అనుకోను.

నా పని గురించి. మొదటి రెండేళ్లు ఇక్కడే ఒక ప్రైవేటు హాస్పిటల్లో మెడికల్ వార్డు, ఆ తర్వాత నుంచి ఇప్పటిదాకా ఐసీయూ. మధ్యలో బాబు పుట్టినప్పుడు ఆరు నెలలు తప్ప గ్యాప్ లేదు. వెంటిలేటర్ పేషెంట్లు, ఏబీజీ తీయడం, సెంట్రల్ లైన్ కేర్, సిరంజి పంపు మీద నారడ్రినలిన్, ఇన్సులిన్ ఇన్ఫ్యూజన్ అన్నీ అలవాటే. డ్యూటీలో మామూలుగా ఒకరికి ముగ్గురు పేషెంట్లు, నైట్‌లో నలుగురు కూడా ఉంటారు.

మా దగ్గర ఎక్కువగా వచ్చే కేసులు మీకు తెలియనివి కావు. పాముకాటు, బైక్ యాక్సిడెంట్లు, పురుగుల మందు. మొన్న నైట్‌లో కూడా పొలానికి కొట్టే మందు తాగిన ఒక కుర్రాడిని బద్వేలు వైపు నుంచి తీసుకొచ్చారు. కంటిపాపలు సూదిమొనలంత, నోటి నిండా నురగ, ఛాతీ అంతా గరగర. అట్రోపిన్ బోలస్‌లు అయ్యాక ఇన్ఫ్యూజన్ పెట్టి తెల్లవార్లూ పక్కనే ఉన్నాను. చంకలో చెయ్యి పెట్టి చెమట ఆరిందా లేదా, ఛాతీ క్లియర్ అయిందా, పల్స్ 80 దాటి నిలబడిందా, బీపీ నిలిచిందా, కంటిపాప పెద్దదవుతోందా అని మళ్లీ మళ్లీ చూడటమే పని. తెల్లారేసరికి వాడు మంచం మీద లేచి కూర్చుంటానని గొడవ మొదలుపెట్టాడు. అట్రోపిన్ కాస్త ఎక్కువైతే అలాగే చేస్తారు కదా, వెంటనే డ్యూటీ డాక్టర్‌ను పిలిచి డోసు తగ్గించాం. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, అక్కడ ఇలాంటి కేసులు దాదాపు ఉండవు కదా, ఈ అనుభవాన్ని సీవీలో రాస్తే ఇంటర్వ్యూలో పనికొస్తుందా, లేక సెప్సిస్, సీఓపీడీ, పోస్టాప్ లాంటివే రాయాలా? నాకైతే ఒక్క పేషెంటును రాత్రంతా కనిపెట్టుకుని ఉండటం ఎక్కడైనా ఒకటే అనిపిస్తుంది. కానీ అక్కడి ప్యానెల్ ఏం వినాలనుకుంటుందో మీకే తెలుసు.

ఇక లైసెన్సు. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్ఎంసీ వెబ్‌సైట్ చదివి నేను అర్థం చేసుకున్నది ఇది, తప్పుంటే సరిచేయండి. ఇంగ్లిష్‌కు ఓఈటీ అయితే రైటింగ్‌లో సీ ప్లస్, మిగతా మూడింటిలో బీ రావాలి. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అయితే రైటింగ్‌లో 6.5, మిగతావాటిలో, మొత్తం మీద కూడా 7. నేను ఓఈటీయే అనుకుంటున్నాను, ఎందుకంటే రెఫరల్ లెటర్లు, డిశ్చార్జి లెటర్లు మనం చూసే లోకమే. తర్వాత కంప్యూటర్ మీద రాసే సీబీటీ పరీక్ష, హైదరాబాద్‌లో రాయొచ్చు. అందులో లెక్కల భాగం, క్లినికల్ భాగం వేరువేరు. ఆఖరున అక్కడికి వచ్చాక ఓస్కీ, పది స్టేషన్లు. ఫీజులు కూడా చూశాను. సీబీటీ 83 పౌండ్లు, అర్హతల పరిశీలనకు 140, రిజిస్టర్‌లో పేరెక్కడానికి 153, ఓస్కీ ఒక్కటే 794. ఓస్కీ ఫీజు, టికెట్, మొదట్లో ఉండటానికి గది ట్రస్టే చూసుకుంటుందని కొందరు, జీతంలోంచి కోసుకుంటుందని కొందరు అంటున్నారు. మీ దగ్గర ఎలా? మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలని అగ్రిమెంట్ ఏమైనా రాయించుకుంటారా?

ఓస్కీ గురించి నిజంగా టెన్షన్‌గా ఉంది. పని రాదని కాదు, మనం చేసే పద్ధతి వేరు. ఇక్కడ రౌండ్స్‌లో "పదో బెడ్‌కు యాంటీబయాటిక్ పడిందా" అని అడిగితే "పడింది సార్" అంటాం. అక్కడ మందు ఇచ్చే ముందు చేతి బ్యాండ్ చూసి, పూర్తి పేరు, పుట్టిన తేదీ పేషెంటు నోటితోనే చెప్పించుకుని, అలర్జీలు అడిగి, చార్టులో డోసు, టైమ్, రూట్ పైకి చదవాలని ఒక వీడియోలో చూశాను. అది మంచి పద్ధతే, నేను ఇప్పటినుంచే నా డ్యూటీలో అలాగే అడుగుతున్నాను, పేషెంటు పెద్దాయన ఒకాయన "నిన్న చెప్పినాను కదమ్మా నా పేరు" అని విసుక్కున్నాడు కూడా. అలాగే న్యూస్2 చార్టు. శ్వాస నిమిషం పాటు లెక్కపెట్టి, శాచురేషన్, ఆక్సిజన్ మీద ఉన్నాడా, బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్ అన్నిటికీ మార్కులు వేసి, మొత్తం 5 వస్తే ఒక రకంగా, 7 గానీ ఆపైన గానీ వస్తే ఇంకో రకంగా డాక్టర్‌ను పిలవాలి. మన వార్డుల్లో రెస్పిరేషన్ కాలమ్‌లో అందరికీ 20 అని రాసేసే అలవాటు ఎంత ఉందో మీకూ తెలుసు. అక్కడికి వచ్చిన మనవాళ్లు ఎక్కువగా ఏ స్టేషన్లో పోతున్నారు? స్కిల్స్‌లోనా, లేక కేర్ ప్లాన్ రాయడంలోనా? టైమ్ చాలడం లేదా, మాట్లాడటం రావడం లేదా? ఇది మీరొక్కరే చెప్పగలరు, వీడియోలు చెప్పవు.

కాగితాల దగ్గర రెండు చిక్కులున్నాయి. ఒకటి, పేరు. టెన్త్ మెమోలో, డిగ్రీలో, కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో జి. సుజాత. పాస్‌పోర్టులో గుర్రం సుజాత అని విడదీసి రాశారు. ఆధార్‌లో పెళ్లయ్యాక మా ఆయన ఇంటిపేరుతో మేకల సుజాత. పాస్‌పోర్టు పేరు అలాగే ఉంచి, మూడూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయిస్తే ఎన్ఎంసీ ఒప్పుకుంటుందా, లేక ముందే అన్నీ ఒకే పేరుకు మార్పించుకోవాలా? రెండోది యూనివర్సిటీ పేరు. నా డిగ్రీ మీద డాక్టర్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అని ఉంది. 2023లో తీసుకున్న ట్రాన్స్‌క్రిప్టు మీద వైఎస్సార్ హెల్త్ యూనివర్సిటీ అని వచ్చింది, అప్పటికి పేరు మార్చారు కదా. 2024లో మళ్లీ పాత పేరే పెట్టారు. అక్కడ కూర్చుని చూసేవాళ్లకు ఇవి రెండు యూనివర్సిటీలు అనిపిస్తే నా పని అయినట్టే! కొత్తగా ట్రాన్స్‌క్రిప్టు తీసుకోవాలా? ఆర్ఎన్, ఆర్ఎం రెండూ విజయవాడ కౌన్సిల్లో యాక్టివ్‌గానే ఉన్నాయి, వాళ్లు నేరుగా ఎన్ఎంసీకి ధృవీకరణ పంపాలని తెలుసు. మీరు వెళ్లినప్పుడు దానికి ఎన్నాళ్లు పట్టింది?

ఇంకొకటి అడగకుండా ఉండలేను. హైదరాబాద్‌లో ఒక ఏజెంటు ఆరు లక్షలు అడిగాడు. ముందు కేర్ అసిస్టెంటుగా పంపిస్తాడట, అక్కడికి పోయాక నర్సుగా మారొచ్చట. కేర్ వర్కర్లకు బయటి దేశాల నుంచి కొత్త వీసాలు 2025 జూలైలోనే ఆపేశారు కదా అంటే ఫోన్ పెట్టేశాడు. ఎన్‌హెచ్‌ఎస్‌కు మనుషులను తెచ్చే ఏజెన్సీలు నర్సుల దగ్గర ఫీజు తీసుకోకూడదని వాళ్ల కోడ్‌లోనే ఉందని చదివాను. కాబట్టి ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇచ్చే ఉద్దేశం లేదు. మీ ట్రస్టు ఏ ఏజెన్సీ ద్వారా తీసుకుంటుందో, లేక ఎన్‌హెచ్‌ఎస్ జాబ్స్‌లో నేరుగా అప్లై చేయొచ్చో చెబితే చాలు. నా కోసం ఎవరికైనా చెప్పి ఉద్యోగం ఇప్పించమని అడగడం లేదక్కా, దారి ఎటో చెప్పండి.

ఇంట్లో మాత్రం అందరిదీ ఒకటే మాట, కువైట్. మన పాత కడప జిల్లా సంగతి తెలుసు కదా, రాజంపేట, రాయచోటి వైపు ఇంటికొకరు అక్కడే. మా మామ అక్కడ ఇరవై ఏళ్లుగా డ్రైవరు, "నర్సుకు ఇక్కడ రాజభోగం, ఇంగ్లిష్ పరీక్షలు కూడా అక్కర్లేదు" అంటాడు. గల్ఫ్‌కు పోవాలన్నా ప్రోమెట్రిక్, డేటాఫ్లో, ఈమైగ్రేట్ క్లియరెన్స్ అన్నీ ఉంటాయని చెబితే వినడు. నాకు గల్ఫ్ మీద చిన్నచూపు లేదు. కానీ బాబుకు నాలుగేళ్లు. వాడిని, మా ఆయనను వెంట తీసుకుపోగలిగే చోటికే పోవాలని మేమిద్దరం అనుకున్నాం. నర్సు వీసా మీద కుటుంబం రావచ్చని తెలుసు. ఓస్కీ పాసై రిజిస్ట్రేషన్ పిన్ వచ్చేదాకా కింది బ్యాండ్ జీతమే కదా, ఆ కొన్ని నెలలు ముగ్గురం గడపగలమా, లేక నేను ముందొచ్చి వాళ్లను తర్వాత పిలిపించుకోవడం మంచిదా?

సీవీ, రిజిస్ట్రేషన్ కాపీలు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ జత చేస్తున్నాను. సీవీ రెండు పేజీలు దాటకుండా చూశాను. అక్కడి పద్ధతికి సరిపోకపోతే నిర్మొహమాటంగా చెప్పండి, తిరగరాస్తాను.

మీకు అన్నిటికీ జవాబు రాసే తీరిక లేకపోతే మొదటి ప్రశ్న ఒక్కదానికే చెప్పండి, తీసుకుంటున్నారా లేదా అని. మిగతావి ఫోన్లో మాట్లాడొచ్చంటే, ఈ నెలాఖరు దాకా నాకు నైట్ డ్యూటీలు, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా ఇంట్లోనే ఉంటాను. మీకు అది పగలు పూటే అవుతుంది. మీ డ్యూటీని బట్టి ఏ రోజైనా సరే, ఒక మెసేజ్ పెడితే నేనే చేస్తాను.

మీ చెల్లెలు,
గుర్రం సుజాత
స్టాఫ్ నర్సు, ఐసీయూ, కడప